‘అట’ ఎక్కడికి పోయింది?

ఒడియాలో ‘మేము’ అనడానికి ‘ఆమే’ అంటారు. మన చెవికది ‘ఆమె’ లాగే వినిపిస్తుంది. ఒడియా రాని తెలుగువాళ్ళు ఒడియా కూలీల దగ్గర కూర్చుంటే మొదట తెలిసేది ఇదే. ఆవిడ తన గురించీ తన ఇంటి గురించీ చెబుతుంటే, ఎవరో మూడో ఆడమనిషి గురించి చెబుతోందనిపిస్తుంది. ఇది రెండో రోజుకి అలవాటైపోతుంది. అలవాటు కానిది దీని వెనకాల ఉంది. ఒడియా ‘ఆమే’లో ‘మేము’, ‘మనం’ అన్న తేడా లేదు. తెలుగులో ఆ తేడా లేకుండా వాక్యం రాదు. అంటే ఆ మాట తెలుగులోకి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు తేల్చాలి: ఎదుటివాళ్ళని కలుపుకుని అందా, మినహాయించి అందా అని. తేల్చేది ఆవిడ కాదు, నేనూ కాదు. మా ఇద్దరి మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న మనిషి.

అతన్ని ఏమని పిలవాలన్నది కూడా ఒక చిక్కే. ‘అనువాదకుడు’ అంటే కాగితం గుర్తొస్తుంది. ‘ఇంటర్‌ప్రెటర్’ అంటే కోర్టు. మనకి పాత మాట ఒకటుంది, దుబాసీ. రెండు భాషలవాడు. కంపెనీ కాలపు మద్రాసులో దుబాసీ అంటే మాట మార్చేవాడే కాదు, బేరం కుదిర్చేవాడు కూడా. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి ఉద్యోగం మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. కోర్టు దుబాసీకి ఈనాటికీ ఒక పద్ధతుంది. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి లాగే అతనూ ప్రమాణం చెయ్యాలి. పరిశోధనలో దుబాసీ చేత మనం చేయించే సంతకం ఒకటే, విన్నవి బయట చెప్పనని. ఉన్నది ఉన్నట్టు చెబుతానని అతని చేత ఎవరూ అనిపించరు.

నేను చెప్పబోయేది పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో మేం చేసిన ఇంటర్వ్యూల గురించి. అక్కడికి బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. భాద్రపదంలో కొత్త ధాన్యం తినే నువాఖాయ్ పండగ దగ్గర సర్దారు ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. పంట పనులయ్యాక బయల్దేరి వానలదాకా ఇక్కడుంటారు. అడ్వాన్సు మనిషికి కాదు, ‘పథురియా’కి. అంటే మొగుడూ పెళ్ళాం, వాళ్ళతో ఇంకో మనిషి, చాలాసార్లు పిల్లో పిల్లాడో. కూలి వెయ్యి ఇటుకలకి ఇంత అని లెక్క. ఇలా వెళ్ళే కూలీలని ఒడిశాలో ‘దాదన్’ కూలీలు అంటారు. ‘దాదన్’ పారసీ మాట, ఇవ్వడం అని అర్థం. ముందుగా ఇచ్చిన డబ్బు పేరే మనుషుల పేరైంది.

ఈ ఒక్క మాటని తెలుగులో ఎలా చెప్పాలి? ‘అడ్వాన్సు’ అంటే ఉద్యోగస్తుల వ్యవహారంలా ఉంటుంది. ‘అప్పు’ అంటే ఆవిడ అప్పులపాలైందని తోస్తుంది. ‘వెట్టి’ అంటే నేరం. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో ముందు తీసుకున్న డబ్బుకి పెద్ద పాత్రే ఉంది. కాబట్టి దుబాసీ ఏ మాట ఎంచుకున్నాడన్నది శైలికి సంబంధించిన సంగతి కాదు. ఆ మాటని బట్టే ఇంటర్వ్యూ ఏ పెట్టెలో పడుతుందో నిర్ణయమవుతుంది. మేం మొదటిరోజే ఒక నియమం పెట్టుకున్నాం. కొన్ని మాటలు అనువదించొద్దు. దాదన్, సర్దారు, పథురియా, ఆవిడ ఎలా అంటే అలాగే వదిలెయ్యమన్నాం. దీనివల్ల తెలుగు వాక్యం కుంటుతుంది, పోనివ్వండి.

దుబాసీని ఎంచుకోవడం దగ్గరే సగం డేటా తేలిపోతుంది. బట్టీలో రెండు భాషలూ వచ్చినవాళ్ళు అప్పటికే ఉంటారు. సర్దారు, లేదా బట్టీ గుమాస్తా. ఇద్దరూ సాయం చేస్తామంటారు, మర్యాదగానే. వాళ్ళ నోటి మీదుగా కూలి గురించి అడగడమంటే అత్తగారి ముందు కోడల్ని కులాసాగా ఉన్నావా అని అడగడమే. అందుకని మేం హైదరాబాదు నుంచి ఒకతన్ని తీసుకెళ్ళాం. కటక్ దగ్గరివాడు, చదువుకున్నవాడు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడతాడు. ఒడియా మాతృభాష.

కానీ ఏ ఒడియా? బలాంగీర్ వాళ్ళు మాట్లాడేది సంబల్‌పురి. తీరప్రాంతపు ఒడియాలో ఇల్లు ‘ఘర’ అయితే అక్కడ ‘ఘర్’. చివరి అచ్చు ఉండదు. అంతమాత్రమే అయితే ఏ ఇబ్బందీ లేదు, అతనికి నూటికి తొంభై పాళ్ళు అర్థమయ్యేది. అసలు ఇబ్బంది అవతలి వైపు. అతను నోరు తెరవగానే ఆవిడకి తెలిసిపోతుంది, ఇతను కటక్ వైపు బాబు అని. అతన్ని ‘బాబూ’ అనే పిలిచేది. అలాంటి మనిషితో మాట్లాడేటప్పుడు ఆవిడ తన భాషని కాస్త సర్దుకుంటుంది, ఆఫీసులో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. జవాబులు పొట్టివవుతాయి. పక్కవాళ్ళతో గలగలా మాట్లాడుతున్న మనిషి మా వైపు తిరగగానే నాలుగు మాటల్లో ముగించేది. ఇది అనువాదంలో తప్పు కాదు. మార్చడానికి ముందే, మార్చాల్సిన మాటే మారిపోయింది. ఎంత గొప్ప దుబాసీ అయినా ఆవిడ అనని మాటని తేలేడు కదా.

ఇప్పుడొక జవాబు మొత్తంగా చూద్దాం. ప్రశ్న నాది: “మీ ఇష్టంతోనే వచ్చారా, ఎవరైనా బలవంతం చేశారా?” అతను ఒడియాలో అడిగాడు. ఆవిడ దాదాపు నిమిషంన్నర మాట్లాడింది. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి మొగుడి వైపు చూసింది. అతను నా వైపు తిరిగి అన్నాడు: “ఇష్టంతోనే వచ్చారట. బలవంతమేమీ లేదట. కుటుంబ పరిస్థితుల వల్ల వచ్చారట.”

నిమిషంన్నరకి మూడు చిన్న వాక్యాలు. గడియారం చూసుకుంటే చాలు, భాష రాకపోయినా ఇక్కడ ఏదో కురచైందని తెలుస్తుంది. ఒడియా, తెలుగు మధ్య మాట మారితే నిడివి కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ పదో వంతుకి పడిపోదు. ఇంకో ఆనవాలు కూడా ఉంది, అది ఒక ఇంటర్వ్యూలో కనబడదు. ‘కుటుంబ పరిస్థితుల వల్ల’ అన్న మాట ఆ బట్టీలో అందరి జవాబుల్లోనూ వచ్చింది. ముసలాయనా అదే అన్నాడు, పదహారేళ్ళ పిల్లా అదే అంది. వేరువేరు మనుషులు ఒకే మాట అంటున్నారంటే అది వాళ్ళ మాట కాదు, మధ్యవాడి మాట. ప్రమాదమేమిటంటే, తర్వాత ఆఫీసులో కూర్చుని జవాబులకి గుర్తులు పెట్టుకుంటూ పోతే, అన్నిటికన్నా ఎక్కువసార్లు తేలేది ఇదే. ‘వలసకి ప్రధాన కారణం కుటుంబ పరిస్థితులు’ అని బల్లగుద్ది రాసెయ్యొచ్చు. నిజానికి అక్కడ కనిపెట్టింది ఒక దుబాసీ ఊతపదం.

మా పద్ధతిలో ముందునుంచీ ఇంకో మెట్టు ఉంది. రికార్డింగుల్లో కొన్నిటిని రెండో మనిషికి ఇస్తాం. ఆ మనిషి మొదటి దుబాసీ తెలుగు చదవకూడదు. ఒడియా ముక్కలు మాత్రమే విని, ఊపిరి తీసుకున్న చోటుతో సహా రాయాలి. ఈసారి ఆ పని చేసింది బలాంగీర్ జిల్లా నుంచి హైదరాబాదుకి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి. అదే నిమిషంన్నర ఆమె చేతిలో ఇలా వచ్చింది:

“ఇష్టమా? ఇష్టం ఎవరడుగుతారు బాబూ. నువాఖాయికి సర్దారు వచ్చాడు. డబ్బు ఆయన చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు. పిల్ల జ్వరానికి కొంత పోయింది, పైకప్పుకి కొంత. డబ్బు తిన్నాక రాక చస్తామా. చెయ్యి పట్టుకుని ఎవరూ లాక్కురాలేదు, అది నిజం. రైలెక్కాం, వచ్చాం.”

రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, మొదటి దుబాసీ అబద్ధమాడాడని అనలేం. చెయ్యి పట్టి ఎవరూ లాగలేదని ఆవిడే అంది. దాన్ని అతను ‘బలవంతం లేదు’ అన్నాడు. బలవంతం లేకపోతే ఇష్టం ఉన్నట్టే కదా అని ఇంకో అడుగు వేశాడు. జ్వరం, పైకప్పు, ఇవన్నీ కలిపి ‘కుటుంబ పరిస్థితులు’. నేను అడిగింది రెండు గదుల ప్రశ్న: ఇష్టమా, బలవంతమా. ఆవిడ ఆ రెండు గదుల్లోనూ అడుగుపెట్టకుండా నిమిషంన్నర గుమ్మంలోనే నిలబడింది. పాపం అతను ఆవిడని ఒక గదిలోకి పంపాడు, నా ప్రశ్నకి జవాబు కావాలి కాబట్టి. ఈ లెక్కన అతను ఆవిడకన్నా నాకే ఎక్కువ సాయం చేశాడు. దుబాసీలు చేసే సర్దుబాట్లలో ఎక్కువభాగం ఇలాంటివే. అడిగినవాళ్ళకి అనుకూలంగా, పని జరగడం కోసం.

ఇది మాటల గొడవే కదా అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, ఇంకో దారి లేక పేదరికంతో ఆకలితో ఒప్పుకున్న పని కూడా బలవంతపు పని కావచ్చు, బలవంతమంటే కొట్టి చేయించడమొక్కటే కాదు అని. ఆ దృష్టితో చూస్తే, ఆవిడ చెప్పిన నిమిషంన్నర బలవంతానికి సాక్ష్యం. అతను చెప్పిన మూడు వాక్యాలు స్వేచ్ఛకి సాక్ష్యం. ఒకే మనిషి, ఒకే నోరు, ఒకే మధ్యాహ్నం.

మరి ఆవిడ ఏమందని రాయాలి? ఇక్కడే నాకు ‘అట’ మీద గౌరవం పెరిగింది. తెలుగు దుబాసీకి మన భాష ఉచితంగా ఇచ్చిన ఒక గుర్తు అది. ‘వచ్చారట’ అన్నాడు, ‘వచ్చాం’ అనలేదు. నేను విన్నది చెబుతున్నాను, నా పూచీ లేదు అని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. కానీ రికార్డింగు కాగితం మీదికి ఎక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఈ ‘ట’నే. టైపు చేసేవాళ్ళు ‘వచ్చారట’ని ‘వచ్చాం’ చేస్తారు, చదవడానికి బావుంటుందని. రిపోర్టు ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అది కొటేషన్ గుర్తుల మధ్య, ఆవిడ పేరుకి బదులుగా పెట్టిన మారుపేరు కింద, ఉత్తమ పురుషలో ఉంటుంది: మేము మా ఇష్టంతో వచ్చాము. ముగ్గురు మనుషులున్న గదిలో ఇద్దరే మిగులుతారు.

వృత్తిగా చేసే దుబాసీలు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతారు. కోర్టుల్లో, సమావేశాల్లో దుబాసీ ‘నేను’ అనే మాట్లాడాలని నియమం. సాక్షి ‘నేను చూశాను’ అంటే దుబాసీ కూడా ‘నేను చూశాను’ అనాలి, ‘చూశాడట’ అనకూడదు. దానికి మంచి కారణమే ఉంది. ‘అట’ అమాయకమైన అక్షరం కాదు. “ఇష్టంతో వచ్చారట!” అని కొంచెం సాగదీస్తే అది వెటకారమవుతుంది, నమ్మడం లేదని అర్థమొస్తుంది. ‘నేను’ అంటే ఆ సందుండదు. పైగా దుబాసీ ‘నేను’ అన్నప్పుడు ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ‘అట’ అన్నప్పుడు నేనూ అతనూ ఆవిడ గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఆవిడ అక్కడే కూర్చుని ఉండగా. ఇది చిన్న అవమానం కాదు.

అయినా నా ఓటు కాగితం మీద ‘అట’కే. గదిలో అతను ‘నేను’ అనే మాట్లాడనివ్వండి. రాతలో మాత్రం మూడో మనిషి కనబడాలి. మా రాతప్రతిలో ఇప్పుడు ప్రతి జవాబుకీ రెండు వరుసలున్నాయి: ఆవిడ అన్నదని రెండో మనిషి రాసింది, అక్కడికక్కడ మొదటి దుబాసీ నాకు చెప్పింది. రెండో వరుస ఎందుకు కొట్టెయ్యకూడదంటే, నా తర్వాతి ప్రశ్న దాన్ని బట్టే పుట్టింది. “ఇష్టంతోనే వచ్చారట” అని విన్నాను కాబట్టి నేను వెంటనే కూలి రేటు గురించి అడిగాను. “డబ్బు ఆయన చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు” అన్న మాట అప్పుడే చెవిన పడుంటే అడిగేది వేరే ప్రశ్న. తర్వాత ఎంత మంచి అనువాదం వచ్చినా అడగని ప్రశ్న వెనక్కి రాదు. ఇది రెండో మనిషి వల్ల కూడా బాగుపడని నష్టం. ఇంటర్వ్యూల మధ్య రోజైనా ఎడం ఉంచి, ఆ రాత్రే కొన్ని ముక్కలు వినిపించుకుంటే, ఆ మనిషి దగ్గరికే మళ్ళీ వెళ్ళి అడగొచ్చు. మేం అలాగే చేశాం. దానివల్ల ఇంటర్వ్యూల సంఖ్య సగమైంది.

ప్రశ్నల పట్టికల కోసం ఇంకో మందు వాడుతుంటారు, వెనక్కి అనువదించడం. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో రాసిన వ్యాసం తర్వాత అది దాదాపు ఆచారమైపోయింది. తెలుగు ప్రశ్నని ఒకరు ఒడియా చేస్తారు, ఇంకొకరు తెలుగు చూడకుండా దాన్ని మళ్ళీ తెలుగు చేస్తారు, రెండు తెలుగులూ పోల్చి చూస్తారు. ఉపయోగమే, కానీ దాన్ని బోల్తా కొట్టించేది తెలివైన అనువాదకులే. ‘ఇష్టం’ అన్నదానికి మొదటివాళ్ళు సంస్కృతం దట్టించిన మాట ఒకటి వేస్తారు, రెండోవాళ్ళు చదువుకున్నవాళ్ళే కాబట్టి దాన్ని చక్కగా ‘ఇష్టం’ అనేస్తారు. పోలిక అద్భుతంగా కుదురుతుంది. బట్టీలో ఆ మాట విన్న మనిషికి మాత్రం ఏమీ అందదు.

ఇవన్నీ ఎందుకు, భాష నేర్చుకోవచ్చు కదా అని అడగొచ్చు. 1939లో మార్గరెట్ మీడ్, క్షేత్రంలో పనికి భాషా పాండిత్యం అక్కర్లేదు, పని నడిపించేటంత వస్తే చాలు అన్నట్టు రాసింది. మరుసటేడు రాబర్ట్ లోవీ దానికి కాస్త ఘాటుగానే జవాబిచ్చాడు. ఆ గొడవలో నాకు ఆసక్తి కలిగించేది ఎవరు గెలిచారన్నది కాదు. ఆ తర్వాత చాలాకాలం దుబాసీతో పనిచేసినవాళ్ళు ఆ సంగతి పుస్తకాల్లో చెప్పడం మానేశారు, చెబితే చులకనైపోతామని. 2003లో ఆక్సెల్ బోర్చ్‌గ్రెవింక్ సరిగ్గా ఈ మౌనం గురించే ఒక వ్యాసం రాశాడు. నేను ఒడియా లిపి నేర్చుకుంటున్నాను, సంబల్‌పురి కొంచెం చెవికెక్కుతోంది. దుబాసీ లేకుండా పనిచేసేంత రావడానికి ఏళ్ళు పడుతుంది, ఆవిడ బట్టీలో ఉండేది వానలదాకానే. ఈలోపు కాస్త భాష రావడం వల్ల కలిగే లాభం, ఎక్కడ ఆపి అడగాలో తెలియడం. ‘సే’ అని వినబడిందనుకోండి. ఒడియాలో దానికి ఆడా మగా తేడా లేదు. దుబాసీ ‘ఆయన’ అన్నాడు. ఎవరు, మొగుడా సర్దారా, లేక ఆడమనిషేనా? అక్కడ చెయ్యెత్తి ఆపొచ్చు.

ఒక్క విషయం మాత్రం ఏ పద్ధతికీ లొంగలేదు. ఇంటర్వ్యూకి ముందు నేను మాటిస్తాను: మీరు చెప్పింది ఎవరికీ చెప్పం, మీ పేరు బయటికి రాదు, వద్దనుకుంటే లేచి వెళ్ళిపోవచ్చు. ఈ మాట ఇచ్చేది నేను. ఆవిడ చెవిన పడేది అతని గొంతు. ఆవిడ నమ్మాలో వద్దో తేల్చుకునేది అతని మొహం చూసి. అంటే నా మాటకి పూచీ అతను. నాకు తెలిసిందంతా అతనికీ తెలుసు, నాకన్నా ముందే తెలుసు, నాకన్నా ఎక్కువే తెలుసు. నేను యూనివర్సిటీకి వెళ్ళిపోతాను. అతను ఈ ఊళ్ళోనే ఉంటాడు, వాళ్ళ సంఘం పూజలకి వెళ్తాడు, అక్కడికి సర్దార్లు కూడా వస్తారు. ఆవిడ ఒప్పుకుంది అని మా కాగితాల్లో వేలిముద్ర ఉంది. దేనికి ఒప్పుకుంది, నాతో మాట్లాడ్డానికా, అతనితో మాట్లాడ్డానికా? ఈ రెండూ వేరువేరు ఒప్పుకోళ్ళు, వేరువేరుగా అడగాలి. రెండోది అతని ముందే, అతని నోటితోనే ఎలా అడిగించాలి? మేం బలాంగీర్ అమ్మాయి గొంతుతో రికార్డు చేసి ఫోనులో వినిపించాం: మీ ఎదుట కూర్చున్న ఈ మనిషితో చెప్పడం మీకు సమ్మతమేనా అని. ఇద్దరు ఆడవాళ్ళు వద్దన్నారు. అతను చిన్నబుచ్చుకున్నాడు గానీ లేచి వెళ్ళి టీ తాగొచ్చాడు.

ఆ ఇద్దరితోనూ తర్వాతి ఆదివారం ఆ అమ్మాయే వచ్చి మాట్లాడింది. ఆమెని వాళ్ళు ‘నూనీ’ అన్నారు, అంటే అమ్మాయ్, బిడ్డా అని. మాటలు పొడుగయ్యాయి, కోపాలు బయటికొచ్చాయి. ఇంకో రకం ఇబ్బంది కూడా వచ్చింది. “నీకు తెలుసు కదా నూనీ” అని సగంలో ఆపేసేవాళ్ళు. ఆమెకి నిజంగానే తెలుసు కాబట్టి విడమర్చి చెప్పమని అడిగేది కాదు. ఆ ఖాళీలు రికార్డింగులో ఖాళీలుగానే ఉన్నాయి. ఆమె వాటిని నాకు తర్వాత నింపి చెప్పింది, నేను వేరే రంగు సిరాతో రాసుకున్నాను. అది వాళ్ళ మాట కాదు, ఆమెకి తెలిసింది.

రిపోర్టు మొదటిపేజీలో ఇద్దరు దుబాసీల పేర్లూ వెయ్యాలన్నది నా పట్టుదల. రోజుకూలీ ఇచ్చి, చివర్లో కృతజ్ఞతల్లో ఒక వాక్యం పడేసి వదిలించుకోవడం నాకు నచ్చదు. కటక్ ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. అమ్మాయి వద్దంది. సర్దారుది వాళ్ళ పక్క ఊరట. ఆమె పేరు చూస్తే ఏ బట్టీ అన్నది వాళ్ళకి తెలిసిపోతుందట, అక్కణ్ణించి ఎవరు మాట్లాడారన్నది తెలియడం కష్టం కాదట. ఆమె పేరు లేకుండా ఆయన పేరొక్కటే వేస్తే పనంతా ఆయనే చేసినట్టుంటుంది. చివరికి ఇద్దర్నీ దుబాసీ-1, దుబాసీ-2 అని వేశాం. కటక్ ఆయనకి అచ్చు కాపీ పంపాను, ఇంకా ఏమీ అనలేదు.